పాల బిల్లు, 9.6 స్కోరు: బోర్డు రిపోర్టులో ఒక పేరా

నల్లగొండలో అకౌంటెంట్లు, ఇంటర్నల్ ఆడిటర్లు, కంపెనీల ఐటీ ఉద్యోగులు కలుసుకున్న ఒక ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినపడుతోందా? ఫ్యాన్ చప్పుడు ఎక్కువుంటే ఆపేయండి, చెమట పట్టినా ఫర్వాలేదు. నేను చెప్పేది ఒక్క పేరా గురించే. ఒక్క పేరా. పది లైన్లు కూడా ఉండదు. కానీ దాని మీద మేము పదకొండు రోజులు కూర్చున్నాం.

మన జిల్లాలోనే ఒక పాల కంపెనీ. పేరు చెప్పను, మీలో కొందరికి తెలిసిపోతుంది, తెలిసినా మీరూ చెప్పకండి. చిట్యాల నుంచి నకిరేకల్ దాకా ఊళ్ళల్లో 212 పాల సెంటర్లు. రోజుకు దాదాపు 40 వేల లీటర్లు. పాలు పోసే రైతులు 5,200 మంది. పదిహేను రోజులకొకసారి బిల్లు. బోర్డులో కూర్చునేవాళ్ళలో సగం మంది పొద్దున్నే బర్రెల దగ్గర పని చూసుకుని, స్నానం చేసి, మీటింగుకు వచ్చేవాళ్ళు. తెలివితక్కువ వాళ్ళనుకునేరు. ఫ్యాట్ పాయింట్ ఒకటి తగ్గితే రేటు ఎంత పడుతుందో నోటితో చెప్తారు, నేను కాలిక్యులేటర్ తీసేలోపు.

2024 జూన్‌లో ఆ బోర్డు ముందుకు ఒక రిపోర్టు వెళ్ళింది. అందులో సైబర్ రిస్క్ మీద ఒక పేరా. చదువుతా వినండి. ఉన్నదున్నట్టు చదువుతా.

"ఇంటర్నెట్ ఫేసింగ్ ఎస్ఎస్ఎల్ వీపీఎన్ గేట్‌వే CVE-2024-21762 కు వల్నరబుల్‌గా ఉంది, సీవీఎస్ఎస్ స్కోర్ 9.6. ఎంఎఫ్ఏ ఎనేబుల్ కాలేదు. ప్రొడక్షన్ సర్వర్ ఓఎస్ ఎండ్ ఆఫ్ సపోర్ట్. బ్యాకప్ నాస్ డొమైన్ జాయిన్డ్. లాగ్ రిటెన్షన్ ఏడు రోజులు. ఇండికేటర్స్ ఆఫ్ కాంప్రమైజ్ కనుగొనబడలేదు. ఆర్టీవో నాలుగు గంటలు. రిస్క్ రేటింగ్: క్రిటికల్."

అయిపోయింది. ఇదీ పేరా. ఇందులో ఒక్క అబద్ధం లేదు. మీలో ఐటీ వాళ్ళు తలూపుతున్నారు, నాకు కనపడుతోంది. మీకు అర్థమైంది. బోర్డుకు ఏం అర్థమైంది?

ఒక పెద్దాయన, డైరెక్టర్, కళ్ళద్దాలు తీసి అడిగిండు: "ఆర్టీవో నాలుగు గంటలంటే ఏంది? మన ట్యాంకర్లను ఏమన్న ఆపిన్రా?" నవ్వకండి. ట్యాంకర్లు నడిపే కంపెనీలో ఆర్టీవో అంటే రవాణా ఆఫీసే. సర్వర్ పడిపోతే మళ్ళీ ఎంతసేపట్లో లేపాలని పెట్టుకున్నామో ఆ గడువుకు కూడా అవే అక్షరాలని ఆయనకెట్ల తెలుస్తది? ఆయన పక్కనే ఇంకొకాయన, కొంచెం లెక్కలు తెలిసినాయన: "పదికి 9.6 అంటే నూటికి 96 పాళ్ళు దాడి జరుగుతదన్నట్టా?"

ఈ రెండో ప్రశ్న దగ్గర నాకు నిజంగా భయమేసింది. మొదటిది అర్థం కాకపోవడం. అర్థం కానివాడు అడుగుతాడు, మనం చెప్తాం. రెండోది తప్పుగా అర్థం కావడం. ఆయన ఆ రోజు అడిగాడు కాబట్టి తెలిసింది. అడగకుండా తలూపి వెళ్ళిపోయేవాళ్ళు ఎంతమంది?

9.6 అనేది ఆ లోపం ఎంత తీవ్రమైందో చెప్పే స్కోరు. దాన్ని వాడుకోవడం ఎంత తేలిక, వాడుకుంటే చేతికి ఎంత చిక్కుతుంది, అదీ లెక్క. మీ దగ్గర దాడి జరిగే అవకాశం ఎంత అన్నది అందులో లేదు. ఆ పద్ధతిని నడిపే ఫస్ట్ అనే సంస్థే తన గైడులో రాసింది, ఇది తీవ్రతను కొలుస్తుంది, రిస్కును కొలవదు అని. మరి బోర్డుకు ఏం కావాలి? రిస్కే కదా కావాలి! మనం తీవ్రత స్కోరు తీసుకెళ్ళి రిస్క్ అనే కాలమ్ కింద పెట్టాం.

సరే. ఆ రోజు చైర్మన్ గారు అన్నారు, "మాకు తెలుగులో రాసుకొని రాండ్రి." బాధ్యత అకౌంట్స్ హెడ్ మీద పడింది. మంచి మనిషి, కష్టపడతాడు. రెండు రోజుల్లో రాసి నాకు పంపించిండు. అది కూడా చదువుతా.

"మన కంప్యూటర్ గేటు తాళం చెడిపోయింది. హ్యాకర్లు ఎప్పుడైనా రావచ్చు. ఇప్పటివరకు ఎవరూ రాలేదు. ఓటీపీ పెడితే ఈ ప్రమాదం పోతుంది. వస్తే రూ. 2.52 కోట్ల నష్టం. నాలుగు గంటల్లో మళ్ళీ పని మొదలుపెట్టగలం."

ఎంత హాయిగా ఉంది చూడండి! ఎవరికైనా అర్థమవుతుంది. మా అమ్మకు చదివి వినిపిస్తే అర్థమవుతుంది. ఆరు వాక్యాలు. ఆరింటిలో ఒక్కటి కూడా నిలబడే మాట కాదు. ఐటీ పేరా నిజం, అర్థం కాదు. అకౌంట్స్ పేరా అర్థమవుతుంది, నిజం కాదు. మా పదకొండు రోజుల్లో మిగిలినవన్నీ ఈ రెండింటి మధ్యే గడిచినయి.

గేటు తాళంతో మొదలుపెడతా. ఇక్కడ మేమొక చిన్న పరీక్ష పెట్టుకున్నాం, మీరూ పెట్టుకోండి, ఖర్చు లేదు. అకౌంట్స్ ఆయన రాసిన వాక్యాన్ని నెట్‌వర్క్ చూసే అబ్బాయికి ఇచ్చాం. అసలు పేరా వాడికి చూపించలేదు. "దీన్ని మళ్ళీ నీ భాషలోకి మార్చి చెప్పు" అన్నాం. వాడు చదివి, "సార్, ఇది ఎంఎఫ్ఏ లేకపోవడం గురించి కదా?" అన్నాడు. ఎంఎఫ్ఏ అంటే పాస్‌వర్డుతో పాటు ఓటీపీ కూడా అడగడం. చూశారా? బయలుదేరింది CVE-2024-21762 అనే నంబరున్న లోపం నుంచి, తిరిగి చేరింది వేరే ఊరికి. దారిలో ఎక్కడో బస్సు మారింది. వెనక్కి మార్చినప్పుడు బయలుదేరిన చోటికే రావాలి. రాకపోతే వాక్యం తప్పు, ఎంత అందంగా ఉన్నా తప్పే.

ఈ లోపం అసలేంటి? ఫోర్టినెట్ వాళ్ళ ఫైర్‌వాల్‌లో, బయట నుంచి ఉద్యోగులు లాగిన్ అయ్యే వీపీఎన్ భాగంలో ఉంది. బయట ఉన్నవాడు ఒక ప్రత్యేకమైన తీరులో తయారుచేసిన రిక్వెస్ట్ పంపిస్తే, ఆ పరికరం మీద తనకు కావలసిన ప్రోగ్రాం నడిపించగలడు. లాగిన్ కాకుండానే. ఇదీ ముఖ్యం, లాగిన్ కాకుండానే. పాస్‌వర్డ్ అడిగే దశే రాదు. పాస్‌వర్డే అడగని చోట ఓటీపీ ఎవరు అడుగుతారు? అంటే ఓటీపీ పెడితే ఈ ప్రమాదం పోదు. ఓటీపీ పెట్టాల్సిందే, అది వేరే ప్రమాదానికి, దొంగిలించిన పాస్‌వర్డుతో వచ్చేవాడికి. రెండు ప్రమాదాలు, రెండు మందులు. అకౌంట్స్ ఆయన రెండింటినీ ఒకే వాక్యంలో కలిపేసరికి, బోర్డు ఓటీపీకి డబ్బు మంజూరు చేసి, హమ్మయ్య అనుకొని ఇంటికెళ్ళేది. అసలు లోపం అట్లనే ఉండేది.

ఇక్కడొక మాట. మీరు నోటితో చెప్పేటప్పుడు తాళం, గోడ, కన్నం, ఏ పోలికైనా వాడుకోండి. రిపోర్టులో మాత్రం రాయకండి. గోడ అని రాస్తే ఎవరో ఒకరు "గోడ ఎత్తు పెంచుదాం" అంటారు, పెంచడానికి బడ్జెట్ కూడా ఇస్తారు. నాకు అనుభవమే, ఆ కథ ఇప్పుడు వద్దు.

ఇక "హ్యాకర్లు ఎప్పుడైనా రావచ్చు", "ఇప్పటివరకు ఎవరూ రాలేదు". ఈ రెండు వాక్యాల మీదే మేము అన్నిటికంటే ఎక్కువసేపు కొట్లాడుకున్నాం. ఎందుకంటే ఇక్కడ నామవాచకాల సమస్య లేదు. వీపీఎన్‌ను ఏమనాలి, సర్వర్‌ను ఏమనాలి అని మనం తెగ ఆలోచిస్తాం. అవేవీ కొంప ముంచవు. కొంప ముంచేది క్రియ. తెలుగులో క్రియ చివర ఒక్క అక్షరం మారితే ఎంత తేడానో మీకు నేను చెప్పాలా?

"రావచ్చు" చూడండి. "లోపలికి రావచ్చు" అని ఎవరినైనా అంటే? రమ్మని అనుమతి ఇచ్చినట్టు. "సాయంత్రం వాన రావచ్చు" అంటే? వస్తే వస్తుంది, లేకపోతే లేదు. మనకు కావలసింది ఈ రెండూ కాదు. "రాగలరు". దారి ఉంది, చేతనవుతుంది. అది ఆ పరికరం గురించిన నిజం, ఎవరైనా పరీక్ష చేసి చూపించగలిగే నిజం. మరి వస్తారా? దానికి వేరే ఆధారం కావాలి, వేరే వాక్యం కావాలి. ఆధారం ఉంది కూడా. ఈ లోపం సంగతి, దానికి రిపేరు, రెండూ 2024 ఫిబ్రవరి 8న బయటకు వచ్చాయి. మర్నాడే, ఫిబ్రవరి 9న, అమెరికా ప్రభుత్వ సైబర్ సంస్థ సీసా దీన్ని తన జాబితాలో చేర్చింది. ఏ జాబితా? ఏ లోపాలతో నిజంగా దాడులు జరుగుతున్నాయో వాటి జాబితా. కాబట్టి మేము రాసింది ఇట్లా: "ఈ లోపంతో వేరే చోట్ల దాడులు జరిగాయి." జరిగాయి. భూతకాలం. నిలబడే మాట. మనకు ఎంత శాతం అవకాశం? శాతం రాయలేదు. మా దగ్గర శాతం లేదు. లేని శాతం రాయడం కంటే "దారి తెరిచి ఉంది, నాలుగు నెలలుగా ఉంది, ఈ దారిన వేరేవాళ్ళ ఇళ్ళల్లోకి దూరిన్రు" అని చెప్తే ఏ రైతుకైనా నిర్ణయం తీసుకోవడానికి సరిపోతుంది.

ఇప్పుడు "ఎవరూ రాలేదు". అసలు పేరాలో ఏముంది? "ఇండికేటర్స్ ఆఫ్ కాంప్రమైజ్ కనుగొనబడలేదు." వచ్చిన ఆనవాళ్ళు కనపడలేదు. కనపడలేదు అన్నది అకౌంట్స్ ఆయన చేతిలో "రాలేదు" అయిపోయింది. నేను నా జేబులు వెతికా, తాళంచెవి దొరకలేదు. అంటే ఇంట్లోనే లేనట్టా? ఎక్కడ వెతికాను, ఎంత వెతికాను అన్నది చెప్పాలా వద్దా?

ఎంత వెతికారు? అదే పేరాలో, ఒక్క వాక్యం ముందు, ఉంది: లాగ్ రిటెన్షన్ ఏడు రోజులు. ఆ పరికరంలోకి ఎవరొచ్చారు, ఎవరు పోయారు అన్న రికార్డు ఏడు రోజులే ఉంటుంది. ఎనిమిదో రోజు చెరిగిపోతుంది. లోపం తెరిచి ఉన్నది నాలుగు నెలలు. చూడగలిగింది ఆఖరి ఏడు రోజులు. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. విడివిడిగా చదివితే ఏమీ అనిపించదు. ఐటీ పేరాలో అవి పక్కపక్కనే ఉన్నాయి, కానీ ఒకదానికొకటి సంబంధం ఉన్నట్టు ఎక్కడా లేదు. మేము చేసిన పెద్ద పని ఏమన్నా ఉందంటే ఆ రెంటినీ ఒకే వాక్యంలో కట్టడం: "దాడి జరిగిందో లేదో చెప్పలేం. నాలుగు నెలల్లో చివరి ఏడు రోజుల రికార్డే మన దగ్గర ఉంది. అందులో ఏమీ కనపడలేదు."

ఐటీ మేనేజర్‌కు "చెప్పలేం" అన్న మాట నచ్చలేదు. "సార్, మా పని మేము చేయనట్టు ఉంది" అన్నాడు. పాపం, ఆయన బాధ ఆయనది. కానీ అది నిజం. పైగా ఇందులో చట్టం సంగతి కూడా ఉంది. మన కేంద్ర ప్రభుత్వ సైబర్ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు ఉంచుకోవాలి. ఏడు రోజులు, నూట ఎనభై రోజులు. "ఎవరూ రాలేదు" అని రాసి ఉంటే ఈ లోటు బోర్డు కంటికి ఆనకుండానే పోయేది.

సర్వర్ సంగతి తొందరగా చెప్పి ముందుకు పోతా. విండోస్ సర్వర్ 2012 ఆర్2. మైక్రోసాఫ్ట్ మద్దతు 2023 అక్టోబర్ 10న ముగిసింది. దీన్ని "పాత సర్వర్, ఎప్పుడైనా ఆగిపోతుంది" అని మారుస్తారు చాలామంది. తప్పు. అది పదేళ్ళు నడిచినా నడుస్తుంది. కొత్త లోపం బయటపడితే మామూలుగా రిపేరు రాదు, అంతే. డబ్బు కట్టి తెచ్చుకునే పొడిగింపు ఉంది, అదీ 2026 అక్టోబర్ 13 దాకానే. ఈ కంపెనీ కట్టలేదు.

ఇక పైసల దగ్గరికి వద్దాం. మీరంతా దీనికోసమే కూర్చున్నారని నాకు తెలుసు.

రూ. 2.52 కోట్లు. ఎక్కడి నుంచి వచ్చింది? 40 వేల లీటర్లు, లీటరుకు సగటున 42 రూపాయలు. రోజుకు 16 లక్షల 80 వేలు. పదిహేను రోజులకు 2.52 కోట్లు. గుణకారం సరిగ్గానే ఉంది. కానీ ఇది ఏంటి? రైతులకు ఇవ్వాల్సిన పాల డబ్బు. హ్యాకర్ వచ్చినా ఇవ్వాలి, రాకపోయినా ఇవ్వాలి. పాలు వచ్చినయి, అమ్ముడుపోయినయి, డబ్బు బ్యాంకులో ఉంది. మరి నష్టం ఎట్లయితది? చార్టర్డ్ అకౌంటెంట్లు ఇక్కడున్నారు, మీరే చెప్పండి. అప్పు నష్టం అవుతుందా?

పోయేది డబ్బు కాదు, ఎవరికి ఎంత ఇవ్వాలన్న లెక్క. ఏ రైతు ఏ పూట ఎన్ని లీటర్లు పోశాడు, ఫ్యాట్ ఎంత, ఎస్ఎన్ఎఫ్ ఎంత. అది సర్వర్‌లో ఉంది. దాని నకలు నాస్‌లో, అంటే నెట్‌వర్కుకు తగిలించిన నిల్వ డబ్బాలో ఉంది. నాస్ డొమైన్ జాయిన్డ్ అని రాశారు కదా, దాన్ని మేము ఇట్లా మార్చాం: "అసలు లెక్క, దాని నకలు ఒకే అడ్మిన్ పాస్‌వర్డుతో తెరుచుకుంటాయి. ఆ పాస్‌వర్డ్ చిక్కినవాడు రెండింటినీ ఒకేసారి చెరపగలడు." నెట్‌వర్క్ అబ్బాయికి ఇస్తే వెంటనే "నాస్ డొమైన్‌లో ఉండడం గురించి సార్" అన్నాడు. పాస్.

అయితే మూడో నకలు ఒకటుంది. నెలకొకసారి ఒక హార్డ్ డిస్క్‌లోకి కాపీ తీసి, వైరు పీకి, బీరువాలో పెడతారు. మేము చూసిన రోజుకు దాని వయసు 19 రోజులు. అంటే ఆ రోజు రాత్రి దాడి జరిగి రెండు నకళ్ళూ పోతే, 19 రోజుల పాల లెక్క గల్లంతు. మళ్ళీ ఎట్లా తెస్తారు? సెంటర్లలో ప్రతి పూటకు ఒక షీటు ఉంటుంది, పాలు పోసినవాళ్ళ పేర్లతో. 212 సెంటర్లు, రోజుకు రెండు పూటలు, 19 రోజులు. 8,056 షీట్లు. కూర్చొని టైప్ చేయాలి.

ఒక షీటుకు ఎంతసేపు? ఇక్కడ ఎవరూ అంచనా వేయలేదు. డేటా ఎంట్రీ చేసే అమ్మాయిని కూర్చోబెట్టి, కట్టంగూర్ వైపు ఒక సెంటర్ షీటు ఇచ్చి, నేను వాచీ పట్టుకొని పక్కన నిలబడ్డా. పాతిక పేర్లు. పది నిమిషాలు పట్టింది. పైన ఇంకో కొన్ని సెకన్లు, అవి వదిలేశాం. 8,056 షీట్లకు దాదాపు 1,343 గంటలు. పదిమందిని పెట్టి రోజుకు ఎనిమిది గంటలు చేయిస్తే 17 రోజులు. అదే నెలాఖరున, డిస్క్ వయసు 30 రోజులున్నప్పుడు జరిగితే? 27 రోజులు.

ఇదీ బోర్డు భాష. "పాల బిల్లు 17 నుంచి 27 రోజులు ఆలస్యం కాగలదు." ఒక రైతుకు పదిహేను రోజుల బిల్లు సగటున నాలుగు వేల ఎనిమిది వందలు వస్తుంది. బిల్లు మీద బిల్లు ఆగితే ఆ రైతు ఏం చేస్తడు? పక్క కంపెనీ సెంటరుకు పోతడు. పోయినోడు మళ్ళీ వస్తడా రాడా అన్నది అక్కడున్న డైరెక్టర్లకు నాకంటే మీకంటే బాగా తెలుసు. దానికి మేము రూపాయల లెక్క కట్టలేదు. రోజులు చెప్పి వదిలేశాం. మిగతా లెక్క వాళ్ళే కట్టుకున్నారు, గదిలో కూర్చొని, నోటితోనే.

మరి నాలుగు గంటల ఆర్టీవో? అది పాలసీ కాగితంలో ఉంది. నాలుగు గంటల్లో లేపాలి అని పెట్టుకున్న లక్ష్యం. లేపాలి వేరు, లేపగలం వేరు. మళ్ళీ క్రియ దగ్గరికే వచ్చినం చూడండి. ఎప్పుడైనా లేపి చూశారా అని అడిగితే లేదన్నారు. ఒక శనివారం సాయంత్రం ఖాళీ సర్వర్ ఒకటి తీసుకొని, బీరువాలో డిస్క్ తెచ్చి, మొదటి నుంచి ఎక్కించడం మొదలుపెట్టాం. పని పూర్తయ్యేసరికి ఆదివారం రాత్రి అయింది. 31 గంటలు. లైసెన్స్ కీ ఎక్కడుందో వెతకడానికే మూడు గంటలు పట్టింది, అది ఉద్యోగం మానేసి వెళ్ళిపోయినాయన మెయిల్‌లో దొరికింది.

ఇప్పుడు బోర్డుకు చివరికి వెళ్ళిన పేరా చదువుతా. ఇది మొదటి పేరా కంటే పొడుగు. పొడుగైతే కానీండి. ఒక్క పేజీలోనే ఉండాలని ఎవరో ఎక్కడో చెప్పారట, ఆ పట్టింపుతోనే సగం తప్పులు జరుగుతున్నాయి.

"బయట నుంచి మన సిబ్బంది ఆఫీసు కంప్యూటర్లలోకి వచ్చే వీపీఎన్ పరికరంలో ఒక లోపం ఉంది. దాని ద్వారా బయటివాళ్ళు పాస్‌వర్డ్ లేకుండానే ఆ పరికరాన్ని తమ అధీనంలోకి తీసుకోగలరు. ఓటీపీ దీన్ని ఆపదు. ఈ లోపంతో వేరే చోట్ల దాడులు జరిగాయి. రిపేరు ఫిబ్రవరి 8న వచ్చింది, మనం ఇంకా వేయలేదు. మన దగ్గర దాడి జరిగిందో లేదో చెప్పలేం. నాలుగు నెలల్లో చివరి ఏడు రోజుల రికార్డే ఉంది, అందులో ఏమీ కనపడలేదు. 180 రోజుల రికార్డు ఉంచాలన్నది నిబంధన. లోపలికి వచ్చినవాళ్ళకు అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా చిక్కితే పాల లెక్కలను, వాటి నకలును ఒకేసారి చెరపగలరు. అప్పుడు సర్వర్ లేవడానికి మేము చేసి చూసిన ప్రకారం 31 గంటలు, పాల బిల్లు రావడానికి 17 నుంచి 27 రోజులు పడుతుంది. రైతుల బ్యాంకు ఖాతా నంబర్లు బయటకు పోతే ఏ నకలూ వాటిని వెనక్కి తేలేదు. పాల డబ్బు బ్యాంకులోనే ఉంటుంది."

దీని కింద ప్రతి వాక్యానికి ఒక నంబరు ఇచ్చాం. ఆ నంబరు పట్టుకొని అనుబంధంలోకి పోతే CVE-2024-21762, 9.6, ఆర్టీవో, అన్నీ ఇంగ్లీషు పేర్లతో సహా ఉంటాయి. రేపు ఆడిటర్ వచ్చి "ఈ వాక్యానికి ఆధారమేది" అంటే వేలు పెట్టి చూపించాలి కదా.

గమనించారా, "పాస్‌వర్డ్ కూడా చిక్కితే" అని ఒక షరతు పెట్టాం. వీపీఎన్ పరికరం చేతిలోకి రావడం ఒక మెట్టు, అడ్మిన్ పాస్‌వర్డ్ దొరకడం ఇంకో మెట్టు. మొదటి మెట్టు ఎక్కినవాడు రెండోది తప్పకుండా ఎక్కుతాడని ఎవరూ చెప్పలేరు. ఆ "చిక్కితే" తీసేస్తే వాక్యం ఇంకా గట్టిగా వినపడుతుంది, నాకూ తెలుసు. ఒక డ్రాఫ్టులో తీసేశాం కూడా. నెట్‌వర్క్ అబ్బాయి ఒప్పుకోలేదు, వాడిదే కరెక్టు.

బోర్డును అడిగింది మూడు పనులు. ఆ రాత్రి పాల పూట అయిపోయాక వీపీఎన్ ఆపి రిపేరు వేయడం, వేసేదాకా మళ్ళీ తెరవకపోవడం. లాగులు దాచడానికి వేరే డబ్బా. ఇంకో రెండు హార్డ్ డిస్కులు, రెండూ కలిపి 14 వేలు, నెలకొకసారి తీసే కాపీ వారానికొకసారి తీయడానికి. ఈ మూడోదాని ఎదురుగా ఒక్క లైన్ రాశాం: "దీంతో బిల్లు ఆలస్యం 27 రోజుల నుంచి ఏడు రోజుల లోపుకు దిగుతుంది." ఏడు రోజుల షీట్లు 2,968, పదిమందికి ఆరేడు రోజుల పని. 14 వేలకు ఇరవై రోజులు కొనుక్కుంటున్నామని ఆ పెద్దాయనే లెక్క చెప్పిండు. ఆర్టీవో అడిగిన పెద్దాయనే. ఓటీపీ, కొత్త సర్వర్ తర్వాతి మీటింగుకు పోయినయి, వాటి పేరా వేరే.

అయితే మూడూ ఒప్పుకున్నాక ఆయన ఒక ప్రశ్న వేసిండు. "రిపేరు చేస్తే దారి బందయితది, సరే. ఇప్పటికే లోపలికొచ్చి కూసున్నడనుకో, వాడు బయటికి పోతడా?"

పోడు. రిపేరు కొత్తగా వచ్చేవాణ్ణి ఆపుతుంది. పేరాలో మేము ఆ మాట రాయలేదు, అది మా తప్పే. అక్కడికక్కడే చేతిరాతతో ఒక వాక్యం చేర్చి, అన్ని పాస్‌వర్డులూ మార్చాలన్న నాలుగో పని పెట్టాం.

తర్వాత పది నెలలకు, 2025 ఏప్రిల్‌లో, ఫోర్టినెట్ వాళ్ళే ఒక ప్రకటన ఇచ్చారు. పాత లోపాలతో దూరినవాళ్ళు కొన్ని పరికరాల్లో ఒక దొంగ లింకు వదిలి వెళ్ళారని, రిపేరు వేసినా అది మిగిలిపోయిందని, దాంతో లోపలి ఫైళ్ళు చదవగలరని. ఏ లోపాలతో? మూడు నంబర్లు ఇచ్చారు, అందులో ఒకటి మనదే, CVE-2024-21762. ఆ వారమే మేము వెళ్ళి పరికరం తనిఖీ చేసి, ఆ లింకును తీసేసే కొత్త వర్షన్ ఎక్కించాం. తర్వాతి బోర్డుకు రెండు లైన్లు పోయినయి: "లింకు కనపడలేదు. 2024 జూన్‌కు ముందు ఎవరైనా వచ్చి పోయారా అన్నది ఇప్పటికీ చెప్పలేం."

పెద్దాయన కాగితం చూసి, కళ్ళద్దాలు తీసి, "మల్ల గదే మాటనా?" అన్నడు. గదే మాట సార్ అన్నా. సరే కానియ్యి, టీ తాగుదాం అన్నడు. మనకూ టీ వచ్చినట్టుంది, ఆ మూల. ప్రశ్నలుంటే అక్కడే అడగండి.